చొక్కా జోబి మూల: ఏడో తరగతి అబ్బాయి మొదటి చేతికుట్టు

కావలికి దగ్గర్లో ఒక ఊళ్లో నాకు మిషను కొట్టు ఉంది. 22 ఏళ్లుగా కుడుతున్నాను. బడులు తెరిచే జూన్ 12 దగ్గరపడే కొద్దీ నా కొట్టులో యూనిఫాం గుడ్డలు గుట్టలుగా పేరుకుంటాయి. ప్రభుత్వ బడి పిల్లలకు కిట్టులో గుడ్డే ఇస్తారు, కుట్టించుకోవడం ఇంటివాళ్ల పని. ఆ రెండు నెలలూ కుట్టినవే కుట్టి, జూలై ఆఖరుకు వచ్చేసరికి అవే చొక్కాలు చిరుగులతో తిరిగి రావడం మొదలవుతుంది. వచ్చేవాటిలో ఎక్కువ భాగం జోబి మూలలే. అలాంటి ఒక చొక్కా గురించే ఇక్కడ రాస్తున్నాను. దాన్ని బాగుచేసింది నేను కాదు, ఆ చొక్కా తొడుక్కునే పిల్లవాడే. వాడు ఏడో తరగతి. అంతకుముందు సూది పట్టి ఎరగడు.

ముందే ఒక సంగతి చెప్పాలి. ఆ చొక్కా కుట్టింది నేనే. జూన్ హడావుడిలో జోబి మూలల దగ్గర మిషను ఒకసారి వెనక్కి తిప్పి వదిలేశాను. మామూలుగా అయితే మూలలో చిన్న త్రిభుజం కుడతాను, లోపల ఒక గుడ్డ ముక్క కూడా పెడతాను. ఆ నెలలో ఎవరి చొక్కాకూ పెట్టలేకపోయాను.

చొక్కా నా చేతికి వచ్చింది ఒక శనివారం సాయంత్రం. పిల్లవాడు దాన్ని ఉండచుట్టి, పుస్తకాల సంచి అడుగున పెట్టి తెచ్చాడు.

"పెద్దమ్మా, మిషను మీద ఒక్క కుట్టు ఎయ్యవా? అమ్మకు చెప్పొద్దు."

విప్పి చూశాను. లేత రంగు చొక్కా మీద నల్లదారం. జోబికి కుడివైపు పైమూలలో, గోరంత చోట, పదకొండు కుట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. జోబి నోరు ఒక అంగుళం మేర మూసుకుపోయింది. మూల చుట్టూ గుడ్డ బెండకాయ తొడిమలా ముడుచుకుపోయింది. అంత కుట్టినా ఆ మూల మళ్లీ ఊడింది, ఊడుతూ ఊడుతూ ఈసారి చొక్కా గుడ్డను కూడా కాస్త పట్టుకుపోయింది.

అడిగితే ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. గురువారం కబడ్డీలో పట్టుకున్నవాడి చెయ్యి జోబిలో చిక్కింది. వాళ్లమ్మ రొయ్యల కంపెనీలో షిఫ్టుకు పోతుంది, ఇంటికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. ఉతికిన చొక్కా రెండోది ఆరలేదు. అవ్వకు చూపు ఆనదు, ఆమె సూది డబ్బా మాత్రం ఇచ్చింది. అందులో ఉన్నవి బొంతలు కుట్టే సూదులు. వాటిలో ఒకటి తీసి, రెండు బారల నల్లదారం ఎక్కించి, దీపం కింద కూర్చుని కుట్టుకున్నాడు. శుక్రవారం పొద్దున బడికి తొడుక్కుపోయాడు. మధ్యాహ్నం జోబిలోంచి పెన్ను తీయబోతే మూల టప్పుమంది.

అడిగినవాడికి కుట్టి పంపేయడం నాకు పది నిమిషాల పని. కానీ వాడు ఆ పదకొండు కుట్ల వైపు చూస్తూ, "గట్టిగానే కుట్టా పెద్దమ్మా, ఎట్టా ఊడిందో" అన్నాడు. ఆ ప్రశ్న నాకు నచ్చింది. రేపు ఆదివారం పొద్దున రమ్మన్నాను.

ఎందుకు ఊడింది

జోబి మూల పోయిందంటే మూడింట్లో ఒకటి తెగి ఉండాలి. కుట్టుదారం తెగి ఉండొచ్చు, జోబి గుడ్డ చిరిగి ఉండొచ్చు, లేదా వెనక చొక్కా గుడ్డే చిరిగి ఉండొచ్చు. మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, మూల వేలాడుతూ ఉంటుంది. బాగుచేసే పద్ధతి మాత్రం మూడింటికీ వేరు. దారమే తెగితే పాత బెజ్జాల వెంట మళ్లీ కుడితే చాలు. జోబి గుడ్డ చిరిగితే ఆ అంచును ఇంకాస్త లోపలికి మడిచి కుట్టాలి. చొక్కా గుడ్డ చిరిగితే మాత్రం దానికి వెనక వేరే గుడ్డ ఆసరా ఇవ్వకుండా ఎంత కుట్టినా ఆగదు.

ఆదివారం వాడు వచ్చాక మొదట చేయించింది ఇదే. చొక్కా తిరగేసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకోమన్నాను. వెనకనుంచి చూస్తే చిరుగు తెలిసింది. జోబి నోటి గీత వెంట అడ్డంగా అర అంగుళం, అక్కడి నుంచి జోబి పక్క కుట్టు వెంట కిందికి పావు అంగుళం పైన. వడ్రంగి మూలమట్టం ఆకారంలో ఉంది.

మా అమ్మ పుట్టిల్లు వెంకటగిరి వైపు, మగ్గం ఉన్న ఇల్లు. వెంకటగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 2022లో జిల్లాలు మార్చినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది. చిన్నప్పుడు సెలవులకు అక్కడికి పోయినందువల్ల గుడ్డను పడుగు, పేక అని రెండుగా చూడటం నాకు అలవాటైంది. వాడికి కూడా అట్లాగే చూపించాను. చొక్కాలో నిలువుగా దిగే పోగులు పడుగు, అడ్డంగా పోయేవి పేక. జోబిని ఎవరన్నా కిందికి లాగితే ఆ బరువంతా పైమూలలో ఉన్న రెండు మూడు కుట్ల మీద పడుతుంది. ఆ కుట్లు కింది గుడ్డను వేలాడదీసి పట్టుకున్న పడుగు పోగుల మీద కూర్చుంటాయి. పడుగు తెగితే చిరుగు అడ్డంగా పోతుంది. అది కుట్టుగీత దాకా వచ్చాక కుట్టు బెజ్జాల వెంట పేక తెంచుకుంటూ కిందికి తిరుగుతుంది. మూలమట్టం ఆకారం అందుకే.

ఇక వాడి పదకొండు కుట్లు. బొంతసూది లావు, అది దూరిన చోటల్లా పోగులు పక్కకు జరిగి బెజ్జం నిలిచిపోతుంది. పాలిస్టరు కలిసిన గుడ్డలో ఆ బెజ్జం ఉతికినా పూర్తిగా మూసుకోదు. గోరంత చోట అలాంటివి ఇరవై దాకా పడ్డాయి. గోడ కేలండరులో నెల కాగితం చించే దగ్గర చిన్న బెజ్జాల వరస ఉంటుంది కదా, దాన్ని చూపించాను. అక్కడ బెజ్జాలు పెట్టింది సులువుగా చిరగడానికే. తను కుట్టింది కూడా అలాంటి వరసే అని చెప్తే వాడు చాలాసేపు మాట్లాడలేదు. వేలితో ఆ బెజ్జాలు తడిమి, "అయితే ఎక్కువ కుడితే ఎక్కువ చినుగుద్ది" అన్నాడు. ఒకే చోట కుడితే అవును అన్నాను.

విప్పడం

నల్లదారం విప్పడానికే అరగంట పట్టింది. దారం చివర పట్టుకుని లాగబోయాడు, ఆపాను. లాగితే ముడుచుకున్న దారం పోగుల్ని పట్టుకుపోతుంది, చిరుగు ఇంకా పెద్దదవుతుంది. తిరగవైపు నుంచి రెండు కుట్లకొకసారి చిన్న కత్తెర మొనతో తెంపి, మంచివైపు నుంచి ముక్కల్ని గోళ్లతో ఏరమన్నాను. నేను బ్లేడు వాడతాను గానీ పిల్లవాడి చేతికి ఇవ్వలేదు.

తర్వాత నేను వేసిన పాత మిషను కుట్టును కూడా మూల నుంచి కిందికి ఒకటిన్నర అంగుళం విప్పించాను. ఎందుకో వాడికి అర్థం కాలేదు, బాగున్న కుట్టు ఎందుకు పాడుచేయడమని అడిగాడు. చిరుగు జోబి కింద దాగి ఉంది, జోబిని పక్కకు తిప్పితే తప్ప చెయ్యి అందదు. మొదటిసారి కుట్టేవాళ్లు ఈ విప్పడం దగ్గరే వెనకాడతారు. జోబి అలాగే ఉండగా పైనుంచి కుట్టి చిరుగు దాచేస్తారు. దాచిన చిరుగు ఉతుకులో పెద్దదవుతుంది. విప్పగా మిగిలిన మిషను దారం కొసలు రెండూ తిరగవైపుకు లాగి ముడి వేయించాను, లేకపోతే మిగతా కుట్టు తనంతట తనే ఊడుకుంటూ పోతుంది.

జోబి పక్కకు తిప్పగానే కింద గుడ్డ అసలు రంగులో కనిపించింది. ఎండ తగలని చోటు గదా, చొక్కా మొత్తం మీద రంగు వెలవనిది అదొక్కటే. ఆ ముదురు రంగుకూ బయటి వెలిసిన రంగుకూ మధ్య సన్నటి గీత, గీత వెంట పాత బెజ్జాల వరస. "ఇదే నీకు కొలత. జోబిని మళ్లీ సరిగ్గా ఈ గీత మీదే పెట్టాల. సుద్ద అక్కర్లా" అని చెప్పాను.

విప్పిన చోట ముడతలు పోవడానికి నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేశాను. ముడతల మీద కుడితే ఆ ముడత అలాగే నిలిచిపోతుంది.

సూది, దారం, మాసిక

చొక్కా గుడ్డకు 8వ నంబరు చేతిసూది ఇచ్చాను. చేతిసూదుల్లో నంబరు పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. ఇంతకన్నా సన్నది పిల్లల వేళ్లకు దొరకదు, బెజ్జంలో దారం ఎక్కించడమూ కష్టం. దారం చొక్కాకన్నా ఒక పిసరు ముదురు రంగుది తీశాను. గుడ్డలో కలిసిపోయేది ఎప్పుడూ కాస్త ముదురుదే, లేతది తెల్లగా మెరిసి కనిపిస్తుంది. నల్లది వాడితే ప్రతి తప్పూ అచ్చుకొట్టినట్టు ఉంటుంది.

పొడుగు మూరెడు. వాడు మళ్లీ బారెడు లాగాడు, మాటిమాటికీ ఎక్కించుకునే పని ఉండదని. కానీ పొడుగు దారం గుడ్డలోంచి ఎక్కువసార్లు జారుతుంది, జారే కొద్దీ పురి మారి మెలికపడుతుంది, మెలిక ముడి అవుతుంది. గురువారం రాత్రి వాడికి మూడుసార్లు ముడిపడితే మూడుసార్లూ లాగి బిగించేశాడట. మూరెడు దారంలో కూడా మెలిక వస్తే చొక్కా పైకెత్తి సూదిని గాలిలో వేలాడదీయాలి. అదే గిరగిరా తిరిగి పురి సర్దుకుంటుంది. ఇది చూసి వాడు రెండు మూడుసార్లు అక్కర లేకపోయినా వేలాడదీశాడు.

దారాన్ని కత్తెరతో ఏటవాలుగా కత్తిరించి ఎక్కించాడు. కొసను నాలుకతో తడపబోతే, దారం కాదు, సూది బెజ్జం వెనకవైపు తడుపు అన్నాను. ఆ తడి దారాన్ని లోపలికి లాక్కుంటుంది. ఒంటి దారమే పెట్టించాను. రెండు పేటలు బలమే గానీ, మొదటిసారి కుట్టేవాడి చేతిలో ఒక పేట వదులుగా, ఒక పేట బిగువుగా పోయి గుడ్డ ముడుచుకుంటుంది.

మాసికకు గుడ్డ నా దగ్గరే దొరికింది. జూన్‌లో కుట్టిన యూనిఫాం గుడ్డ తుంపులు సంచిలో దాచి ఉంచుతాను. రెండు అంగుళాల చదరం కత్తిరించమన్నాను. చిరుగు అర అంగుళమే కదా అంత పెద్దది ఎందుకన్నాడు. చిరుగు కొసల్లో పోగులు తెగకపోయినా సాగి బలహీనపడి ఉంటాయి. మాసిక వాటిని దాటి, దెబ్బతినని గుడ్డ దాకా పోవాలి, నాలుగు వైపులా అర అంగుళమన్నా ఎక్కువ ఉండాలి. ఇంకొకటి, మాసిక పడుగు చొక్కా పడుగుతో కలవాలి. ఐమూలగా పెడితే లాగినప్పుడు మాసిక సాగుతుంది, చొక్కా సాగదు, ఆ తేడా కుట్ల మీద పడుతుంది. తుంపు కొత్తది కాబట్టి తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తిరించాడు.

కుట్టడం

మొదట మాసికను తిరగవైపు పెట్టి పొడుగు టాకాలు వేశాడు. ఇవి తాత్కాలికం, చివర తీసేస్తాం. వంకరటింకరగా వచ్చాయి, ఫరవాలేదన్నాను. జోబికీ చొక్కాకూ మధ్య పాత నోటుపుస్తకం అట్ట ముక్క ఒకటి దూర్చాం. సూది పొరపాటున పైకి పోతే అట్టకు తగిలి ఆగుతుంది, జోబి గుడ్డను కలిపి కుట్టడం జరగదు. గురువారం జోబి నోరు మూసుకుపోయింది అట్ట లేకే.

తర్వాత చిరుగు. ఇక్కడ పావుగంట కుట్టి, రెండుసార్లు విప్పాడు. చిరుగు అంచులు రెంటినీ దగ్గరికి లాగి కలిపేయాలని వాడి ఆత్రం. కలిపితే అక్కడ గుడ్డ తగ్గిపోతుంది, చుట్టూ ముడత పడుతుంది. అంచులు ఎక్కడివి అక్కడే పడుకోవాలి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు. వాటిని పట్టుకునేది వెనకున్న మాసిక. సూదిని ఒక అంచుకు అవతల పైకి తీసి, చిరుగు దాటి, రెండో అంచుకు ఇవతల దించాలి. ఒక కుట్టు పొడుగు, పక్కది పొట్టి, మళ్లీ పొడుగు. బెజ్జాలన్నీ ఒకే గీతలో పడకూడదని ఈ ఏర్పాటు. ఇది చెప్పగానే వాడే, "కేలండరు లాగా కాకుండా" అన్నాడు.

మొదటి రెండుసార్లూ బిగువు దగ్గరే పోయింది. ప్రతి కుట్టుకూ దారాన్ని టంగుమనేలా లాగాడు. చొక్కాను బల్ల మీద పరిచి అరచేత్తో నిమరమన్నాను. చెయ్యి కింద గుడ్డ గట్టులా తగిలింది. అదే పరీక్ష. కంటికి కనపడని ముడత అరచేతికి తగులుతుంది. దారం గుడ్డ మీద ఆనుకుని పడుకుంటే చాలు, గుడ్డను కొరకకూడదు. మూడోసారి ప్రతి కుట్టుకూ బొటనవేలితో దారాన్ని నొక్కి, అక్కడ ఆపుకున్నాడు. అడ్డం చిరుగు మీద తొమ్మిది కుట్లు, నిలువు మీద ఐదు. రెండు కొసల్లోనూ చిరుగు దాటి పావు అంగుళం ముందుకు పోయి ఆపాడు.

మధ్యలో ఎడమ చూపుడువేలికి సూది గుచ్చుకుని, చిన్న రక్తపు చుక్క మాసిక మీద పడింది. వేడినీళ్లు తేబోయాడు. వేడికి రక్తం గుడ్డలో పట్టుకుపోతుంది, మరక పోదు. చన్నీళ్లు, కాస్త సబ్బు రాసి అక్కడికక్కడే నలిపితే పోయింది. వేలికి తొడుక్కునే ఇనప తొడుగు నా దగ్గర ఉన్నది పెద్దది, వాడి వేలికి నిలవలేదు. చివరికి వేలికి గుడ్డపేలిక చుట్టుకున్నాడు.

మాసిక అంచుల చుట్టూ చిన్న చిన్న కుట్లు వేయించాను. సూది పైగుడ్డలో ఒకటి రెండు పోగుల్నే పట్టి వెనక్కి రావాలి, బయటికి చుక్కలా కనపడాలి. మూడు వైపులు వేశాడు. నాలుగో వైపు తర్వాత చెప్తాను.

అప్పుడు జోబి. అట్ట తీసి, జోబిని ఆ ముదురు రంగు గీత మీద పెట్టి రెండు గుండుసూదులు గుచ్చాడు. కుట్టు మొదలుపెట్టాల్సింది మూలలో కాదు, కింద. పాత మిషను కుట్టు ఇంకా గట్టిగా ఉన్నచోట నాలుగు కుట్ల మీదుగా మొదలుపెట్టి పైకి రావాలి. కొత్త కుట్టు, పాత కుట్టు ఒకదాని మీద ఒకటి పడి అక్కడ అతుకు గట్టిపడుతుంది. వేసింది వెనక కుట్టు: సూది ముందుకు రెండడుగులు, వెనక్కి ఒకడుగు. పైనుంచి చూస్తే మిషను కుట్టులాగే వరసగా కనపడుతుంది, ఒకచోట తెగినా పక్కది నిలబడుతుంది. కుట్టు పొడుగు బియ్యపు గింజలో సగం ఉండాలన్నాను. మొదట్లో గింజంతవి పడ్డాయి, మూలకు వచ్చేసరికి సగమయ్యాయి.

మూలలో జోబి నోటి అంచు మీద చిన్న కడ్డీ కట్టించాను. జోబి నోటి గీతకు అడ్డంగా పావు అంగుళం పొడుగున నాలుగు కుట్లు పక్కపక్కన వేసి, వాటి మీద దారాన్ని పేనుతూ ఆరేడు చుట్లు చుట్టాలి. సూది ఈ చుట్లలో గుడ్డలోకి రెండుసార్లే దిగుతుంది. బలం దారంలో ఉంటుంది, గుడ్డలో కొత్త బెజ్జాలు ఎక్కువ పడవు. ఇక్కడ మాత్రం దారం రెండు పేటలు పెట్టుకోమన్నాను. కడ్డీ కొంచెం ఒక పక్కకు వాలింది. నేను సరిచేయలేదు.

ఆఖర్న ముడి వేయబోయాడు. ముడి నున్నటి పాలిస్టరు దారంలో జారుతుంది, సన్నగుడ్డలోంచి బయటికి కూడా వచ్చేస్తుంది. తిరగవైపు మాసికలోనే మూడు చిన్న కుట్లు ఒకేచోట వేసి, మూడోదాని ఉచ్చులోంచి సూది తీసి లాగాలి. తర్వాత సూదిని మాసికకూ చొక్కాకూ మధ్య అంగుళం జార్చి, అక్కడ కత్తిరించాలి. కొస లోపల దాగుతుంది.

టాకాలు తీసి, చొక్కా తొడుక్కుని, రెండు వేళ్లు జోబిలో పెట్టి కిందికి లాగి చూశాడు. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. మొత్తం రెండున్నర గంటలు పట్టింది, విప్పడంతో కలిపి.

తర్వాత

రెండు వారాలకు చూశాను. మూల గట్టిగా ఉంది. తిరగవైపు మాత్రం మాసిక నాలుగో అంచు పోగులు వదులుతోంది. ఆ వైపు జోబి కుట్టు పోతుంది కదా, అదే పట్టుకుంటుందని నేనే వదిలేయమన్నాను. జోబి కుట్టుకు అవతల అర అంగుళం గుడ్డ మిగిలిపోయిందని చూసుకోలేదు. పాలిస్టరు కలిసిన గుడ్డ కత్తిరించిన అంచు ఊరుకోదు, ప్రతి ఉతుకుకూ రెండు మూడు పోగులు వదులుతుంది. ఊడిన పోగులు కత్తిరించి, అంచు చుట్టి కుట్టాడు. పది నిమిషాలు. ముందే తుంపుల్లో నేతలోనే వచ్చిన గట్టి అంచు ఉన్న ముక్క ఏరి, ఆ అంచును ఆ వైపుకు పెట్టి ఉంటే ఈ పని ఉండేది కాదు. ఇప్పుడు మాసికలకు అలాంటి ముక్కల్నే వేరుగా దాస్తున్నాను.

ఈ పద్ధతి అన్ని చిరుగులకూ పనికిరాదు. చిరుగు ఒక అంగుళం దాటితే, లేదా ఏళ్ల తరబడి వాడి పల్చబడిన గుడ్డ అయితే, కుట్టుకు పట్టు దొరకదు, మాసిక అంచు దగ్గర కొత్త చిరుగు మొదలవుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే జోబి చుట్టూ గుడ్డ జల్లెడలా కనిపించిందంటే మూల ఒక్కటి కుట్టి లాభం లేదు. అలాంటప్పుడు నేను జోబి మొత్తం విప్పి, జోబి వెడల్పున వెనక గుడ్డ వేసి, మిషను మీద కుడతాను. ఈ చొక్కా కుట్టి రెండు నెలలే అయింది, గుడ్డలో జీవం ఉంది, అందుకే పని జరిగింది.

దసరా సెలవుల ముందు వాడు మళ్లీ వచ్చాడు. కుడి మూల అలాగే ఉంది, వాలిన కడ్డీతో సహా. ఎడమ మూల ఊడింది. ఒకవైపు గట్టిపడ్డాక లాగిన బరువంతా రెండోవైపుకు పోతుంది, దాన్ని కూడా ఆ ఆదివారమే గట్టి చేయించి ఉండాల్సింది. ఏమైందో చూద్దామని చెయ్యి చాపాను. వాడు ఇవ్వకుండా, తనే చొక్కా తిరగేసి కిటికీకి ఎదురుగా పట్టుకున్నాడు.

"గుడ్డ బానే ఉంది పెద్దమ్మా. దారమే తెగింది. మాసిక అక్కర్లా గదా?"

అక్కర్లేదన్నాను. డబ్బాలోంచి 8వ నంబరు సూది తీసుకుని, దారం మూరెడు కొలుచుకుని, గుమ్మం దగ్గర వెలుతుర్లో కూర్చున్నాడు.